కిరణ్ గారు సారా, మేడమా?

ఉద్యోగానికి మెయిల్ రాయాలంటే మన వేళ్లు ముందుగా కొట్టే మాట 'రెస్పెక్టెడ్ సర్'. ఆడపిల్లల కాలేజీలో చదువుతూ కూడా అవతల ఉన్నది మగాయనే అని ఎందుకనుకుంటాం?

మా క్లాసు అమ్మాయి ఇలాగే చేసింది. బీదర్‌లోని ఒక ఆఫీసు ప్రకటన కింద కిరణ్ పాటిల్ అని పేరుంది. "కిరణ్ అంటే మగపేరే కదే" అంటూ 'సర్' అని పంపేసింది. ఇంటర్వ్యూకి వెళ్తే కుర్చీలో ఉన్నది మేడమ్! ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ మెయిల్ ప్రింటు బల్ల మీదే ఉంది. దాన్ని చూశాక మా అమ్మాయికి నోట మాట రాలేదట.

కిరణ్ అంటే మనకు ముఖ్యమంత్రిగా చేసిన కిరణ్ కుమార్ రెడ్డి గుర్తొస్తారు. కానీ 1972లో ఐపీఎస్‌లో చేరిన కిరణ్ బేడీ కూడా కిరణే. సుమన్ మనకు సినిమా హీరో, మరాఠీ ఇళ్లలో గాయని సుమన్ కల్యాణ్‌పూర్. అటు మహారాష్ట్ర, ఇటు తెలంగాణ ఆనుకుని ఉన్న మన ఔరాద్‌లో పేరు చూసి ఊహించడం మరీ ప్రమాదం.

"మరి గౌరవం వద్దా?" అంటారు. కావాలి. కానీ మన 'గారు' ఆడా మగా అని అడుగుతుందా? ఇక్కడి కన్నడ అర్జీల్లో మొదట రాసే 'మాన్యరే' కూడా అడగదు. ఇంగ్లీషు 'సర్' మాత్రం ముందే తేల్చేస్తుంది.

అందుకే నా మాట ఇది. పేరు తెలిసి, మనిషి ఎవరో తెలియకపోతే పూర్తి పేరు రాయండి: 'డియర్ కిరణ్ పాటిల్'. ముందు మిస్టర్, మిస్ ఏదీ వద్దు. పెద్దవాళ్లో చిన్నవాళ్లో తెలియనప్పుడు 'డియర్ కిరణ్' అని మాత్రం రాయకండి, అది చనువు తీసుకున్నట్టుంటుంది. పేరు దగ్గర డాక్టర్ అని ఉంటే అదే వాడండి, దానికి ఆడామగా తేడా లేదు. అసలు పేరే లేకపోతే పదవిని పలకరించండి. స్కూలుకైతే 'డియర్ ప్రిన్సిపాల్', కంపెనీకైతే 'డియర్ హైరింగ్ మేనేజర్'. ప్రభుత్వ ఆఫీసుకు పాత పద్ధతిలో 'సర్/మేడమ్' అన్నా తప్పులేదు, రెండూ ఉంటే చాలు. జవాబు వచ్చాక కింద వాళ్లు తమ పేరు ఎలా రాసుకున్నారో చూసి, రెండో మెయిల్ నుంచి అలాగే పిలవండి.

రేపు ఆ కుర్చీలో మనమే కూర్చోవచ్చు. అప్పుడు మనకొచ్చే మెయిళ్లన్నీ 'రెస్పెక్టెడ్ సర్' అనే మొదలైతే ఎలా ఉంటుందో, 'సెండ్' నొక్కే ముందు ఒక్కసారి అనుకోండి.