రెండు వైపులా నుక్సానే ఉండాలి

మనవాళ్లు రాస్తున్న కథల్లో ధర్మసంకటం చాలా కనిపిస్తోంది. రాసేవాళ్లు దాన్ని కష్మకష్ అంటారు. కానీ చదివితే అందులో కష్మకష్ ఉండదు. లంచం తీసుకోవాలా వద్దా, దొరికిన పర్సు తిరిగి ఇవ్వాలా వద్దా, అబద్ధం సాక్ష్యం చెప్పాలా వద్దా. ఇవన్నీ ఇమ్తెహాన్‌లే. ఏది సహీయో కథలో ఉన్న మనిషికీ తెలుసు, మనకీ తెలుసు. అతనికి హిమ్మత్ ఉందా లేదా అన్నదొక్కటే తేలాలి. మంచి ఇమ్తెహాన్ కథలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, కాదనను. కానీ అసలు సంకటం అంటే రెండు వైపులా హక్ ఉండాలి, రెండు వైపులా నుక్సాన్ ఉండాలి. ఆ నుక్సాన్ కథానాయకుడి సొంత గుండెలోంచే పోవాలి.

ప్రేమ్‌చంద్ 1916లో రాసిన 'పంచ్ పరమేశ్వర్' చూడండి. బళ్లో చదివిన వాళ్లందరికీ గుర్తుండే కథ. జుమ్మన్ షేక్, అల్గూ చౌదరీ ప్రాణ దోస్తులు. జుమ్మన్ తన ఖాలా ఆస్తి రాయించుకుని ఆమెను సరిగ్గా చూడడు. ఆమె పంచాయతీ పెట్టిస్తుంది, అల్గూనే సర్పంచ్‌గా కోరుకుంటుంది. అల్గూ ఖాలా వైపు ఫైసలా చెబుతాడు, దోస్తీ తెగిపోతుంది. ఇక్కడిదాకా నుక్సాన్ నిజమైనదే. కానీ ఇన్సాఫ్ ఎటుందో ఎవరికీ అనుమానం లేదు, అల్గూకి కూడా. తర్వాత సంఝూ సాహు అల్గూ ఎద్దును కొని, చచ్చేదాకా పని చేయించి, డబ్బు ఎగ్గొడతాడు. ఈసారి సర్పంచ్ జుమ్మన్. గద్దె మీద కూర్చోగానే అతనికీ ఆ జిమ్మేదారీ అర్థమవుతుంది, అల్గూకి ఇన్సాఫ్ చేస్తాడు. ఇద్దరూ కావలించుకుంటారు. గొప్ప కథే. కానీ లెక్క చూస్తే, అల్గూ కట్టిన ఖీమత్ చివరికి వడ్డీతో సహా అతనికి వాపస్ వచ్చేసింది. న్యాయం చెప్పిన వాడికి దోస్తీ కూడా దక్కుతుందన్న తసల్లీతో పుస్తకం మూస్తాం. జిందగీలో అలా దక్కనివాడి కథ ఇంకా రాయాల్సే ఉంది.

అది ఎలా రాయాలో ఒక మిసాల్ కట్టి చూపిస్తాను. ఇది మన మొహల్లాలోంచే పుట్టే కథ.

జుబేదా ఆపా ఇంట్లోనే ఆడపిల్లలకు ఖురాన్ చదివిస్తుంది. పక్కింటి మహబూబ్ బీ ఆమెకు ముప్పై ఏళ్ల సహేలీ. మహబూబ్ బీ బేవా. కొడుకు ఖాజా ఆటో నడుపుతాడు. కూతురు రేష్మాకి పద్దెనిమిది నిండాయి. మహబూబ్ బీ బీడీలు చుట్టి, చీటీలు కట్టి, కొడుక్కి తెలియకుండా కూడబెట్టిన తొంభై వేలు ఆపా దగ్గర అమానత్ పెట్టింది. 'నేను పోయాక ఇది రేష్మా చదువుకి ఇవ్వు, ఖాజాకి చెప్పకు' అని జబాన్ తీసుకుంది. నెల తిరక్కుండానే ఇంతెకాల్ అయిపోయింది.

ఇప్పుడు ఆపా ఏం చేయాలి? జబాన్ ఇచ్చింది, ఇచ్చేయాలి అని తేలిగ్గా అనిపిస్తుంది. ఆగండి. మనిషి పోగానే ఆ డబ్బు ఆమెది కాదు, వారిసుల హక్. ఒక కొడుకూ ఒక కూతురూ మాత్రమే వారిసులైతే కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. అంటే తొంభై వేలల్లో ఖాజాకి అరవై, రేష్మాకి ముప్పై. మరి తల్లి వసియ్యత్ చేసింది కదా అంటారేమో. మన దగ్గర ఎక్కువమంది నడిచే హనఫీ ఫిఖ్‌లో వారిసుకే చేసిన వసియ్యత్ మిగతా వారిసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఈ మసలా ఆపాకి తెలుసు. సూరా నిసా పిల్లలకు చదివించేది ఆమే.

అంటే, నోరు మూసుకుని మొత్తం రేష్మాకి ఇస్తే పోయిన సహేలీకి ఇచ్చిన మాట నిలుస్తుంది, కానీ ఖాజా హక్‌లో ఖయానత్ చేసినట్టు. చెబితే హక్ హక్‌దారుకి చేరుతుంది, కానీ కబర్‌లో ఉన్న మనిషికి ఇచ్చిన జబాన్ తప్పుతుంది, రేష్మా చదువు ఆగుతుంది. రెండు పక్కలా అమానతే. ఇదీ సంకటమంటే.

ఇక్కడ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూడండి. మహబూబ్ బీ 'నేను పోయాక ఇవ్వు' అనకుండా, బతికుండగానే రేష్మాని పిలిచి ఆ డబ్బు చేతిలో పెట్టి 'ఇది నీది' అని ఉంటే అది హిబా. కబ్జా కూడా అయిపోయింది కాబట్టి డబ్బు రేష్మాదే. కథ అక్కడే ఖతమ్. తల్లి పలికే మాటను రచయిత తూచి రాయాలి. పాఠకుల్లో మసలా తెలిసినవాళ్లు ఆ మాట దగ్గరే మనల్ని పట్టుకుంటారు.

రెండో పని, తరాజూ సమంగా నిలబెట్టడం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఖాజాని తాగుబోతుగా రాస్తే కథ అయిపోయినట్టే. తాగుబోతుకి డబ్బు దక్కకపోతే ఎవరికీ బాధ లేదు, ఆపా కూడా నిద్రపోతుంది. కాబట్టి ఖాజా మంచివాడై ఉండాలి. అతని మీద అప్పు ఉంది, కానీ అది తల్లి ఆపరేషన్ కోసం చేసిన అప్పే. ఆటో కిస్తులు అందుకే తప్పాయి. ఫైనాన్స్ వాళ్లు జుమ్మా రోజు వచ్చి ఆటో ఎత్తుకుపోతామన్నారు. కట్టాల్సింది యాభై ఐదు వేలు. అటు రేష్మాకి నర్సింగ్‌లో సీటు వచ్చింది, సోమవారంలోగా ఎనభై వేలు కట్టాలి. ఇప్పుడు రెండు పళ్లేల్లోనూ బరువుంది. ఆటో పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సీటు పోతే ఆ పిల్ల కూడా బీడీల చేటే పట్టుకుంటుంది.

మూడో పని, తప్పించుకునే దర్వాజాలు మూయడం. పాఠకుడు తెలివైనవాడు, సంకటం కనిపించగానే మూడో దారి వెతుకుతాడు. ఆపాయే తన గాజులు అమ్మి ఇవ్వొచ్చుగా? చెరిసగం చేయొచ్చుగా? ఇమాం సాబ్‌ని అడగొచ్చుగా? అన్నిటికంటే పెద్ద దర్వాజా, ఖాజాకి చెప్పి అతన్నే ఒప్పించొచ్చుగా? వీటికి జవాబులు సంకటం వచ్చాక చెబితే సాకుల్లా వినిపిస్తాయి. అది రాకముందే, మామూలు మాటల్లో చెప్పేయాలి. ఆపా గాజులు ఆమె మియా జబ్బుకే పోయాయని మొదటి పేజీలో, వుజూ చేస్తున్నప్పుడు బోసి మణికట్లు చూపిస్తే చాలు. చెరిసగం చేస్తే నలభై ఐదు. దాంతో సీటూ రాదు, ఆటోకీ చాలదు. ఆ అంకెల్ని నేను కావాలనే అలా పెట్టాను.

ఇమాం సాబ్ దర్వాజా మాత్రం మూయకూడదని నా రాయ్. ఆపాని వెళ్లి అడగనివ్వండి. ఆయన సాఫ్‌గా చెబుతాడు, డబ్బు వారిసులది అని. మసలా తేలిపోయింది, కానీ మనసు తేలలేదు. ఆయన చెప్పగలిగింది హక్ గురించి. ముప్పై ఏళ్ల సహేలీ ఆఖరి చూపు గురించి కాదు. సంకటం అసలు మొదలయ్యేది ఆ గుమ్మం దిగాకే.

ఖాజాని ఒప్పించడం సంగతి. ఆపా చెప్పగానే ఖాజా కళ్లనీళ్లు పెట్టుకుని 'అంతా చెల్లికే ఇచ్చేయండి ఆపా' అన్నాడనుకోండి. చదివేవాళ్లు చప్పట్లు కొడతారు. కానీ అది ఆపా ఖీమత్‌ని ఖాజాతో కట్టించడం, మళ్లీ వాపస్ ఇప్పించడమే. ఖాజా మంచివాడే, కానీ ఫైనాన్స్ వాళ్లు గుమ్మం ముందు నిలబడ్డారు. మంచివాడు కూడా ఒక్కోసారి 'నేనేం చేసేది ఆపా' అనే అంటాడు.

ఇప్పుడు నుక్సాన్ ఎవరిదన్న ప్రశ్న. సీటు పోతే రేష్మాకి పోతుంది, ఆటో పోతే ఖాజాకి పోతుంది. మరి ఆపాకి ఏం పోతుంది? దీనికి జవాబు లేకపోతే ఆమె కథానాయిక కాదు, తీర్పరి మాత్రమే. అందుకే ఆపాకి పిల్లల్లేరు. రేష్మా ఆమె ఒళ్లోనే అలిఫ్ బే నేర్చుకుంది, ఆమెను అమ్మీ అని పిలుస్తుంది. చెబితే ఆ పిలుపు పోతుంది. చెప్పకపోతే ఆమె జమీర్ పోతుంది. ఖాజా ఎప్పుడూ ఆమె దగ్గర ఆటో కిరాయి తీసుకోడు. 'ఎక్కండి ఆపా, మీరు నాకు పరాయా' అంటాడు. అతని హక్ తిని ఆ ఆటో పక్కన ఎలా నిలబడుతుంది? నిసా సూరా సబక్ వచ్చిన రోజు పిల్లల ముందు ఏ మొహంతో కూర్చుంటుంది?

చివరిది, ఫైసలా. ఈమధ్య కొందరు డబ్బు మూట చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిన ఆపా దగ్గర కథ ఆపేసి, మిగతాది పాఠకుడికే వదిలేశామంటారు. నా ఉద్దేశంలో అది బిల్లు రాకముందే హోటల్లోంచి లేచిపోవడం. ఆపా ఏదో ఒకటి చేయాలి, చేశాక బతకాలి. కథలో మూడో వంతు ఫైసలా తర్వాతే ఉండాలి.

ఏ ఫైసలా రాయాలి? మీకు ఏది సహీ అనిపిస్తుందో దానికి ఎదురుగా ఉన్నది రాయండి అంటాను. నా మట్టుకు నేను హక్ హక్‌దారుకే చేరాలంటాను. ఆపా చేత చెప్పిస్తే నాకు తెలియకుండానే ఆమె చుట్టూ నూర్ పూసేస్తాను, కథ తఖ్రీర్ అయిపోతుంది. అందుకే నా ఆపా చెప్పదు. తొంభై వేలూ రేష్మాకి ఇచ్చేస్తుంది. జుమ్మా నమాజ్ అయ్యాక ఆటోని ట్రక్కుకి కట్టి లాక్కెళ్తుంటే చూస్తుంది. పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి అమ్మీ అంటుంది, ఆ పిలుపు చెవిలో గుచ్చుకుంటుంది. ఖాజా హోటల్లో పనికి కుదురుతాడు, ఎదురైనప్పుడు ఇంకా సలాం చేస్తాడు. ఆపా బజారుకి వేరే సందులోంచి వెళ్లడం మొదలుపెడుతుంది. ఆమె తప్పు చేసిందని నేను కథలో ఎక్కడా అనను, ఒప్పు చేసిందనీ అనను.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఫైసలాకి ముందు దాకా నలుగురికి చదివి వినిపించి, మీరైతే ఏం చేస్తారని అడగండి. నలుగురూ ఒకే మాట అంటే తరాజూ ఒక వైపు వంగింది, ఏ పళ్లెం తేలికైందో చూసుకోండి. నలుగురూ గొడవ పడితే, అందులో ఒకరు పొద్దున మళ్లీ ఫోన్ చేసి 'రాత్రి అన్నది కాదు భాయ్, ఇంకోటి చేస్తానేమో' అంటే, ఇక దాన్ని ముట్టుకోకండి.