మూడింతల మాట, ఒక్క రోజు లెక్క

మా వాణిజ్యశాస్త్ర విభాగంలో గత సంవత్సరం ఒక ఉత్తరం మీద అనేక దినాలు చర్చ సాగింది. మా పూర్వ విద్యార్థి ఒకరు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన 2021 సంవత్సరాంతంలో తన పొదుపులో కొంత భాగాన్ని, నాస్డాక్-100 సూచీకి మూడింతలుగా నడిచే ఒక ఫండులో ఉంచి, రెండేళ్ళపాటు దాని జోలికి పోలేదు. 2023 చివరకు సూచీ బయలుదేరిన చోటికి చేరడమేగాక, సుమారు మూడు శాతం పైకి కూడ పోయింది. ఆయన సొమ్ము మాత్రం మూడో వంతుకు మించి తరిగిపోయింది. “సూచీ తిరిగి ఇల్లు చేరింది గదా, నా డబ్బు ఎందుకు చేరలేదు? నన్నెవరైనా మోసగించారా?” అని ఆయన ప్రశ్న.

ఎవరూ మోసగించలేదని మా అభిప్రాయం. ఆ ఫండు తానిచ్చిన మాటను ప్రతి దినమూ ఇంచుమించు నిలబెట్టుకొన్నది. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. సూచీ ఈ రోజు ఒక శాతం పెరిగితే తాను ఈ రోజు మూడు శాతం పెరుగుతాననీ, ఒక శాతం తగ్గితే మూడు శాతం తగ్గుతాననీ మాత్రమే ఫండు చెప్పింది. రెండు సంవత్సరాల ఫలితాన్ని మూడింతలు చేస్తానని అది ఎన్నడూ చెప్పలేదు. కొన్నవారు మాత్రం అలా విన్నారు. విన్నవారినే తప్పుపట్టడం కూడ న్యాయం కాదు. ఫండు పేరులోని “మూడింతలు” పెద్ద అక్షరాలలోనూ, “దినసరి” అనే మాట చిన్న అక్షరాలలోనూ కనబడుతుంటే, పామరుడే కాదు, పట్టభద్రుడు సైతం పొరబడగలడు.

ఇటువంటి ఫండులు అమెరికాలో స్టాక్ ఎక్స్‌ఛేంజీ మీద వాటాల వలెనే క్రయవిక్రయాలు జరిగే రూపంలో 2006లో వచ్చాయి. మొదట రెండింతలవి, 2008 చివరలో మూడింతలవి. ఇవి మదుపుదారు సొమ్ముకు అప్పు బలాన్ని జోడించి నడుస్తాయి. ఆ అప్పు సాధారణంగా బాంకు ఋణం రూపంలో గాక, స్వాప్, ఫ్యూచర్స్ అనే ఒప్పందాల రూపంలో ఉంటుంది. మన దేశపు మ్యూచువల్ ఫండులకు ఈ విధంగా అప్పుమీద పెట్టుబడిని పెంచుకొనే అనుమతి లేదు. కనుక మన పాఠకులలో చాలమందికి ఇది పరదేశపు సంగతిగా తోచవచ్చు. కాని ఆ దేశంలో మన పిల్లలెందరో ఉన్నారు. వారి చేతి ఫోనులో ఈ ఫండు, మామూలు ఫండు పక్కపక్కనే, ఒకే తీరుగా కనిపిస్తాయి.

ఇక లెక్కకు వద్దాం. సులభంగా ఉండేందుకు ఖర్చులనూ వడ్డీనీ ప్రస్తుతం పక్కన పెడదాం. సూచీ 100 వద్ద ఉన్నది. మదుపుదారులు ఇచ్చిన సొమ్ము 100 రూపాయలు. మూడింతల మాట నిలబెట్టుకోవాలంటే ఫండు చేతిలో 300 రూపాయల సరుకు ఉండాలి. అంటే 200 అప్పు. మొదటి దినం సూచీ పది శాతం పెరిగి 110 అయింది. 300 రూపాయల సరుకు 330 అయింది. అప్పు 200 తీసివేస్తే మదుపుదారులకు మిగిలినది 130. పది శాతానికి ముప్ఫై శాతం, మాట చెల్లింది.

అసలు కథ ఆ సాయంత్రం మొదలవుతుంది. రేపటికి కూడ ఫండు మూడింతలుగా ఉండాలి గదా! సొంత సొమ్ము ఇప్పుడు 130 కనుక సరుకు 390 రూపాయలు కావాలి. చేతిలో ఉన్నది 330 మాత్రమే. కాబట్టి సాయంకాలం బజారు మూసేలోగా మరి 60 రూపాయల సరుకును, పెరిగిన ధరకే, అప్పు మీద కొనవలె. అప్పు 260కి చేరుతుంది. రెండవ దినం సూచీ 110 నుండి మళ్ళీ 100కు దిగివచ్చింది. ఇది పది శాతం తగ్గుదల కాదు, 9.09 శాతం. 390 రూపాయల సరుకు 354.55 అవుతుంది. అప్పు 260 పోగా మిగిలినది 94.55. సూచీ ఎక్కడిదక్కడే ఉన్నది, మదుపుదారుకు అయిదున్నర రూపాయల నష్టం.

ఈ నష్టం ఎక్కడినుండి వచ్చిందో వేలు పెట్టి చూపవచ్చును. మొదటి 300 రూపాయల సరుకు 330కి ఎక్కి మళ్ళీ 300కు దిగింది. దానిమీద లాభమూ లేదు, నష్టమూ లేదు. సాయంత్రం 110 ధరకు కొన్న 60 రూపాయల సరుకు మాత్రం 100 ధరకు పడింది. అరవైలో 9.09 శాతం అంటే 5.45. మొత్తం నష్టం సరిగ్గా అంతే. మొదటి దినం సాయంత్రం ఆ ఫండు ఏమీ కొనకుండా చేతులు ముడుచుకొని కూర్చున్నట్లయితే, రెండవ దినం నూరు రూపాయలు నూరుగానే ఉండేవి. కాని అలా కూర్చుంటే రెండవ దినానికి అది మూడింతల ఫండు కాదు.

ముందు తగ్గి తరువాత పెరిగినా ఇదే గతి. సూచీ 100 నుండి 90కి దిగితే ఫండు సొమ్ము 70 అవుతుంది. చేతిలో 270 రూపాయల సరుకుంటుంది, ఉండవలసినది 210 మాత్రమే. కనుక 60 రూపాయల సరుకును తక్కువ ధరకు అమ్మివేస్తుంది. మరునాడు సూచీ 100కు తిరిగి వచ్చినా, అమ్ముకొన్న ఆ సరుకు పెరుగుదల తనకు దక్కదు. చివరకు 93.33 మిగులుతుంది. పెరిగినప్పుడు కొనడం, తరిగినప్పుడు అమ్మడం! మన మదీనా బజారులో ఏ బట్టల వర్తకుడూ కావాలని ఈ పని చేయడు. ఈ ఫండు మాత్రం తన నియమం ప్రకారం ప్రతి సాయంత్రమూ చేయక తప్పదు.

సూచీకి ఎదురు దిశలో నడిచే ఫండులు కూడ ఉన్నవి. సూచీ తగ్గితే అవి పెరుగుతాయి. మూడింతలవారు పోగొట్టుకొన్నది వీరికి లాభించి ఉండాలని మా విద్యార్థి ఒకరు వాదించారు. వాదం చక్కనిదేగాని లెక్క ఒప్పుకోదు. పై రెండు దినాలలోనే ఎదురు మూడింతల ఫండు మొదట 70కి పడి, పిదప 27.27 శాతం పెరిగి 89.09 వద్ద నిలుస్తుంది. దానికి ఇంకా ఎక్కువ నష్టం. అది కూడ సూచీ పెరిగిన సాయంత్రం కొనవలసినదే, తరిగిన సాయంత్రం అమ్మవలసినదే. ఇరుపక్షాలూ బజారులో ఒకే వైపు నిలబడతాయి. ఆ సొమ్ము వారికి ఎదురుగా నిలిచి అమ్మినవారికి, కొన్నవారికి చేరుతుంది.

ఒక్క రోజులో పది శాతం మార్పు అరుదు గదా అని పాఠకులు అనవచ్చును. నిజమే. ఒక రోజు ఒక శాతం పెరిగి, మరునాడు అదే చోటికి దిగే సూచీని ఊహించుదాం. ఈ రెండు దినాలకు మూడింతల ఫండులో నూటికి ఆరు పైసలు పోతాయి. ఎవరి కంటికీ ఆనదు. సంవత్సరమంతా, అంటే సుమారు 252 వ్యాపార దినాలు, ఇలాగే సాగితే నూటికి ఏడు రూపాయలకు పైగా పోతుంది. ఊపు ఒక శాతం బదులు రెండు శాతమైతే నష్టం రెండింతలు కాదు. ప్రతి రెండు దినాలకు సుమారు ఇరవై నాలుగు పైసలు, నాలుగింతలు! సంవత్సరాంతానికి నూటికి దాదాపు ఇరవై ఆరు రూపాయలు. సూచీ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. కనుక ఇటువంటి ఫండును చూచేటప్పుడు సూచీ ఎంత పెరుగుతుందన్న దానితో పాటు, దారిలో ఎంత ఊగుతుందన్నది కూడ చూడవలసి ఉన్నది.

ఇక్కడ మా వాదానికి మేమే ఒక హద్దు గీయాలి. ఇటీవల కొందరు “ఈ ఫండులను కాలం తినివేస్తుంది” అని వ్రాస్తున్నారు. అది సరికాదు. సూచీ వరుసగా రెండు దినాలు పది శాతం చొప్పున పెరిగితే దాని లాభం 21 శాతం. మూడింతల ఫండుకు 63 కాదు, 69 శాతం వస్తుంది. మొదటి సాయంత్రం కొన్న ఆ సరుకే ఈసారి లాభం తెచ్చింది. వరుసగా రెండు దినాలు పది శాతం చొప్పున తగ్గితే సూచీ నష్టం 19 శాతం. ఫండు నష్టం 57 కాదు, 51. ఒకే దిక్కుగా నడిచే బజారు ఈ ఫండుకు చుట్టం, వెనుకా ముందూ ఊగే బజారు శత్రువు. కాలం రెంటికీ సమానమే.

మా పూర్వ విద్యార్థి రెండేళ్ళలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. 2022లో నాస్డాక్-100 సుమారు 33 శాతం పడిపోయింది. దానిని మూడుతో గుణిస్తే 99, అంటే సర్వనాశనం. కాని ఆ సూచీమీద నడిచే మూడింతల ఫండులలో ప్రసిద్ధమైన TQQQ ఆ సంవత్సరం పోగొట్టుకొన్నది 79 శాతం. పడుతున్న కొద్దీ సరుకు తగ్గించుకొన్నందున అది బ్రతికి బయటపడింది. 2023లో సూచీ సుమారు 54 శాతం పెరిగింది, ఫండు ఇంచుమించు మూడింతలయింది. నూరు 21కి దిగి, మూడింతలైతే 63 కావాలి. ఇంచుమించు అదే జరిగింది. నష్టంలో హెచ్చు భాగం 2022 నాటి భీకరమైన ఊగిసలాట పుణ్యమే. మిగిలినది అప్పు ఖర్చు. ఆ రెండేళ్ళలో అమెరికాలో వడ్డీ సున్న దరిదాపుల నుండి అయిదు శాతం దాటింది. ప్రతి నూరు రూపాయల సొంత సొమ్ముకూ రెండు వందల అప్పు మోసే ఫండు మీద ఆ భారం రెండింతలుగా పడుతుంది.

ఈ విషయం అమెరికా అధికారులకు తెలియనిది కాదు. అక్కడి స్టాక్ బ్రోకర్లను నియంత్రించే ఫిన్రా సంస్థ 2009 జూన్‌లోనే ఒక హెచ్చరిక జారీ చేసింది. 2008 డిసెంబరు మొదలు 2009 ఏప్రిల్ చివరి వరకు ఒక ఆర్థిక సంస్థల సూచీ సుమారు 8 శాతం పెరుగగా, దాని మూడింతల ఫండు 53 శాతం పడిపోయిందనీ, ఎదురు మూడింతల ఫండు 90 శాతం పడిపోయిందనీ అందులో చూపారు. ఒక్క దినానికి మించి ఉంచుకొనదలచిన సామాన్య మదుపుదారులకు ఇవి సాధారణంగా తగవని కూడ చెప్పారు. హెచ్చరిక బ్రోకర్లకు చేరింది. ఫోను తెరమీద వేలు పెట్టి కొనే కుర్రవానికి అది చేరలేదని మా ఫిర్యాదు. నిషేధించమని మేము కోరడం లేదు. ఒక్క దినం పనికి తెలిసి వాడుకొనేవారున్నారు, వాడుకోనిండు. “దినసరి” అనే మాటను ఫండు పేరులోనే, “మూడింతలు” అన్నంత పెద్ద అక్షరాలలో వ్రాయించవలెనని మాత్రమే మేము అంటాము.

అంతవరకు కొనేవారు ఒక పని చేయవచ్చును. ఇటువంటి ఫండుల ప్రాస్పెక్టస్‌లో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. నిలువు వరుసలో సూచీ ఏడాది లాభనష్టాలు, అడ్డు వరుసలో ఏడాది ఒడిదుడుకుల శాతం. సూచీ లాభం సున్న అని ఉన్న గడికి నేరుగా పోయి అడ్డంగా చదవండి. మూడింతల ఫండుకు, ఖర్చులు కలపకుండానే, ఒడిదుడుకు 25 శాతమైతే నష్టం సుమారు 17 శాతం, 50 శాతమైతే సుమారు 53 శాతం. మా పూర్వ విద్యార్థికి ఆ పుట ఫోటో తీసి పంపాము. ఆ కాగితం రెండేళ్ళుగా తన ఈమెయిలులోనే ఉన్నదని ఆయన జవాబు వ్రాశారు.