బత్తాయి బండికి చిట్టీ అడుగుతం, పిల్ల సర్టిఫికెట్లకు ఎందుకు అడగం?

ఇయ్యాల కొంచెం పొడుగే రాస్తున్న. తిట్టేదుంటే మొత్తం చదివినంక తిట్టండి.

మొన్న ఛాయ్ హోటల్ కాడ మన ఊరి పిల్ల ముచ్చట వచ్చింది. వాళ్లింట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమెనే. సైదాబాద్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ పూర్తి చేసింది. బీఈడీల చేరుదామంటే కాలేజోళ్లు మెమోలు ఇస్తలేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు సర్కారు నుంచి రాలేదు, నువ్వే కట్టి తీస్కపో అంటున్నరు. మనోళ్లు ఏమన్నరు? "పిల్లకు తెల్వి లేదు, మూడేండ్లు ఏం చేసింది?" అన్నరు. నాకు కడుపు మండింది. తెల్వి లేనిది పిల్లకు కాదు, మనకు. ఎందుకో చెప్త.

నేను కూడ మా ఇంట్ల మొదటోన్నే. మా నాయిన అంగూఠా మనిషి. 2010ల నన్ను డిగ్రీల చేర్పించనీకె దేవరకొండ బస్సుల సాగర్ రోడ్డు మీద తీస్కపోయిండు. ఐఎస్ సదన్ దాటినంక సైదాబాద్‌ల దిగి, అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు కాలేజీకి నడిచినం. ఆఫీసుల కూసున్నాయన పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, అన్ని ఒరిజినల్స్ అడిగిండు. నాయిన కవరు మొత్తం రెండు చేతులతోని ఇచ్చి దండం పెట్టిండు. రసీదు అడగలే. ఆయనకు అడగాల్నని తెల్వదు, నాకు అడగనీకె ధైర్యం లేదు.

గదే మా నాయిన, గదే ఏడు, బత్తాయి బండి తీస్కొని గడ్డిఅన్నారం మార్కెట్‌కు పోయిండు. (ఇప్పుడా మార్కెట్ అక్కడ లేదు, బాటసింగారం పోయింది.) కాటా కాడ నిలబడ్డడు. ఎన్ని క్వింటాళ్లు, ధరెంత, కమీషనెంత, హమాలీ ఎంత, అన్నీ తక్‌పట్టీ మీద రాయించుకున్నడు. చదువు రాకున్నా, కాగితం చేతికి వచ్చేదాంక కదలలే. రెండు టన్నుల కాయకు అంత కొట్లాడిన మనిషి, కొడుకు పన్నెండేండ్ల చదువును చిట్టీ లేకుండ ఒప్పజెప్పొచ్చిండు. నేను నాయినను తప్పు పడతలేను. మార్కెట్‌కు ఆయన తాత కూడ పోయిండు, అందుకే అక్కడి మోసం తెలుసు. కాలేజీకి ఎవ్వరూ పోలే.

డిగ్రీ 2013ల అయిపోయింది. మెమోలు అడిగితే పద్దెనిమిది వేలు బాకీ ఉన్నదన్నరు. అదేందంటే, సర్కారు ఇయ్యలే అన్నరు. నాయిన కమీషన్‌దారు కాడ వచ్చే పంట మీద అప్పు తెచ్చి కట్టిండు. ఏడాదైనంక ఆ పైసలు కాలేజీకి వచ్చినయని నా తోటి పిల్లగాడు చెప్తే ఉరికిన. వాపస్ ఇయ్యమంటే రసీదు చూపెట్టమన్నరు. చూపెట్టిన. దాని మీద "ఇతర ఫీజులు" అని రాసి ఉన్నది. ట్యూషన్ ఫీజు అని లేదు, సర్కారు పైసలు వస్తే తిరిగి ఇస్తమని అసలే లేదు. ఆ రెండు మాటలకు మా ఇంట్ల ఒక పంట పోయింది.

ఇగ ఈ పైసలు ఎట్ల నడుస్తయో చూడుండ్రి. చేరినంక పిల్లలు telanganaepass.cgg.gov.in ల దరఖాస్తు పెట్టాలె. మీసేవల తీసిన కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాలె. మన బీసీలకైతే ఊర్లల్ల ఏడాదికి లక్షన్నర, పట్నంల రెండు లక్షల లోపు ఆదాయం ఉండాలె. వేలిముద్ర పడాలె. పదో తరగతి మెమోల ఇంటిపేరు ఒక అక్షరం ఉండి, ఆధార్‌ల మొత్తం పేరుంటే అక్కడనే ఆగొచ్చు. అటెనుక కాగితాలు కాలేజీల ఇస్తె, కాలేజోళ్లు చూసి ముందుకు పంపాలె. జిల్లా సంక్షేమ ఆఫీసుల మంజూరైనంక బిల్లు ట్రెజరీకి పోతది. ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాల, ఖర్చులకిచ్చే ఉపకార వేతనం పిల్లల ఖాతాల పడ్తది.

మరి "సర్కారు ఇయ్యలే" అంటే ఏ కాడ ఆగినట్టు? మనం అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. దరఖాస్తు కాలేజీ కాన్నే పడి ఉంటె అది కాలేజీ పని. పేరు తేడాతోని ఆగితే మనం సరిచేసుకోవాలె. మంజూరై ట్రెజరీల ఉంటె అది సర్కారు బాకీ, మన పిల్ల బాకీ కాదు. దరఖాస్తు నంబరు కొడితే ఆ సైట్‌లనే స్థితి కనవడ్తది. ఆ కాగితం తీసి పట్టుకపోతే ఆఫీసుల మాట మారుతది. నాకు 2013ల ఇది చెప్పేటోడు లేకుండె. తండ్రి టీచరో, గుమస్తానో ఉన్న పిల్లలకు ఇంట్లనే చెప్తరు.

మొత్తం తప్పు కాలేజోళ్లదే అంటలేను. ఏండ్ల తరబడి బకాయిలు పెట్టింది సర్కారు. ఏ పార్టీ ఉన్నా ఇదే కత. 2025 నవంబర్‌ల ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ కూడ పెట్టినయి. లెక్చరర్లకు జీతాలు ఆగుతయి, అదీ నిజమే. ఇంకోటి, కొన్ని పైసలు నిజంగనే మనం కట్టాల్సినయి ఉంటయి. ఇంజనీరింగ్‌ల బీసీ పిల్లకు ర్యాంకు పదివేలు దాటితే సర్కారు 35 వేల దాంకనే ఇస్తా వచ్చింది, కాలేజీ ఫీజు అంతకన్న ఎక్కువుంటె మిగిలింది మన మీదనే. అందుకే చేరేనాడే "సర్కారు ఇచ్చేదెంత, మేం కట్టేదెంత" అని రాతల తీస్కోవాలె. కానీ సర్కారు మీద బాకీ ఉంటె సర్కారును పట్టుకోవాలె. పిల్ల మెమోను కుదువ పెట్టుకొనుడేంది? కమీషన్‌దారుకు హోల్‌సేల్ వ్యాపారి పైసలియ్యకుంటె, మన ఎడ్లను కొట్టేసుకుంటడా? కొట్టేసుకుంటె మనం ఊకుంటమా?

యూజీసీ 2018 అక్టోబర్‌ల నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్స్ పిల్లల ముందటనే చూసి, వెంటనే వాపస్ ఇయ్యాలె, కాలేజీ కాడ పెట్టుకోవద్దని అందుల ఉన్నది. ఇది అంత మందికి తెలుసా అంటే, కాలేజోళ్లకు తెలుసు. మనకే తెల్వదు.

"కాలేజోనితోని పంచాయితీ ఎందుకు, పిల్ల భవిష్యత్తు ఖరాబైతది" అన్న పెద్దమనిషికి నా జవాబు ఇది. బీఈడీ సీటుకు గడువుల మెమో చూపెట్టకపోతే సీటు పోతది. పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైనా సర్టిఫికెట్ల నాడు కాగితం లేకపోతే ఇంటికి పంపుతరు. ఖరాబైతనే ఉన్నది కాక, ఇంకేం కాపాడుతున్నం?

వచ్చే సోమవారం ఆ పిల్ల, వాళ్ల నాయిన, నేను ముగ్గురం పోతున్నం. దరఖాస్తు స్థితి కాగితం తీసినం, ఆమెది మంజూరై ట్రెజరీల ఉన్నది. మెమోలు ఇయ్యమని ప్రిన్సిపాల్ పేరు మీద దరఖాస్తు రెండు కాపీలు రాసినం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకుంటం. ముద్ర కొట్టకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టుల పంపి, ఒక కాపీ యూనివర్సిటీకి పంపుతం. కట్టక తప్పదు అంటె, రసీదు మీద "ట్యూషన్ ఫీజు, ప్రభుత్వం నుంచి వచ్చినంక వాపస్" అని రాస్తేనే పైసలు కౌంటర్ మీద పెడ్తం. ఆ మాటలు పిల్లతోని ముందే ఒక చిట్టీ మీద రాయించి జేబుల పెట్టుకున్న, గుమస్తాకు చూసి రాసుడు అల్కగ ఉంటదని.

మీ ఇంట్ల కూడ ఇసొంటిది ఉంటే కాగితాలు పట్టుకొని రాండ్రి. పొద్దుగాల ఆరింటి బస్సు. జీపుల ఇంకో ఇద్దరికి జాగ ఉన్నది బస్‌స్టాండ్ దాంక.