‘కొంచెం ప్రొఫెషనల్‌గా చేసిపెట్టు’ అంటే ఒక పని కాదు, మూడు

పోయిన నెల నా ఫ్రెండ్ ఒకడు షేర్డ్ డ్రైవ్‌లో పది స్లయిడ్ల అవుట్‌లైన్ అప్‌లోడ్ చేసి, "మామా, కొంచెం ప్రొఫెషనల్‌గా చేసిపెట్టు" అని మెసేజ్ పెట్టాడు. వాళ్ల ఆఫీసులో ఫీల్డ్ స్టాఫ్‌కి 40 ట్యాబ్లెట్లు కొనాలి. రెండు మోడల్స్ వాడి చూశారు. ఏది కొనాలో మేనేజర్‌కి చెప్పే ప్రజెంటేషన్ అది. నేను ఒక రాత్రి కూర్చుని మొత్తం మార్చేసి పంపించా. చూడ్డానికి అదిరింది. కానీ మీటింగ్‌లో వాడు ఇరుక్కుపోయాడు.

వాడు రాసింది ఇది: "రెండో మోడల్ మా టెస్ట్‌లో 8 గంటలు వచ్చింది, జీపీఎస్ ఆఫ్‌లో పెట్టి." నేను దాన్ని "రోజంతా నిలిచే బ్యాటరీ" అని మార్చా. మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్నే, "ఫీల్డ్‌లో జీపీఎస్ ఆన్ చేసుకునే కదా తిరుగుతారు?" అని. సమాధానం వాడికి తెలుసు. కానీ స్క్రీన్ మీద ఉన్నది వాడి మాట కాదు.

"నువ్వు పంపాక ఒకసారి చూసుకోలేదా?" అని అడిగా. "చూశారా, అన్నీ కొత్తగానే ఉన్నాయి, ఏది మారిందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నిజమే. వర్డ్‌లో ఉన్నట్టు పవర్‌పాయింట్‌లో ట్రాక్ ఛేంజెస్ లేదు. డెస్క్‌టాప్ వెర్షన్‌లో Review ట్యాబ్ కింద Compare ఉంది. పాత ఫైల్ తెరిచి, కొత్త ఫైల్‌ని చూపిస్తే తేడాలు పక్కన లిస్ట్ అవుతాయి. అయితే ఫాంట్, సైజు, బాక్స్ జరగడం, మాట మారడం అన్నీ ఒకేసారి చేసేస్తే ఆ లిస్ట్ గుట్టలా పెరుగుతుంది. జీపీఎస్ మాట ఎగిరిపోయిన సంగతి అందులో ఎక్కడో అడుగున ఉంటుంది.

అందుకే ఇప్పుడు నేను ఎవరిది చేసినా మూడు ఫైల్స్ చేస్తా. ముందు స్ట్రక్చర్, తర్వాత మాటలు, చివర డిజైన్. ఈ వరస తిప్పితే పని దండగ. అందంగా సర్దిన స్లయిడ్‌ని తర్వాత తీసేయాల్సి వస్తుంది.

స్ట్రక్చర్‌కి View ట్యాబ్‌లో Outline View తెరిచి Alt+Shift+1 నొక్కితే హెడ్డింగ్స్ మాత్రమే మిగులుతాయి. వాటిని వరసగా చదవాలి. మావాడివి "నేపథ్యం", "సర్వే", "బ్యాటరీ", "ధర" ఇలా ఉన్నాయి. ఏ మోడల్ కొనమంటున్నాడో పదో స్లయిడ్‌లో కానీ తెలీదు. దాన్ని రెండోదానికి తేవచ్చు, కానీ అది వాడి నిర్ణయం, నాది కాదు. ఇంకో చిక్కు ఉంది. ఈ వ్యూలో ప్లేస్‌హోల్డర్లలో ఉన్న టెక్స్ట్ మాత్రమే కనపడుతుంది. విడిగా టెక్స్ట్ బాక్స్ గీసి రాసింది కనపడదు. అవుట్‌లైన్‌లో లేదు కదా అని స్లయిడ్ తీసేశారో, అందులోని విషయం కూడా పోతుంది.

మాటల రౌండ్‌లో నేను లేఅవుట్ ముట్టుకోను. పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కనే రాసి పంపిస్తా. గ్రామర్, స్పెల్లింగ్ దిద్దడం వేరు. "మా టెస్ట్‌లో", "సుమారు", "జీపీఎస్ ఆఫ్‌లో" లాంటివి తీసేయడం వేరు. వాక్యం నీట్‌గా ఉండాలని మనం మొదట కోసేది వీటినే. ఆ లైన్‌ని "8 గంటల బ్యాటరీ (జీపీఎస్ ఆఫ్)" అని రాసినా పొట్టిగానే ఉండేది!

ఇక డిజైన్. ఫాంట్లు, రంగులు Slide Masterలో ఒక్కసారి మారిస్తే చాలు, స్లయిడ్ స్లయిడ్‌కీ తిరగక్కర్లేదు. తెలుగు ఉంటే లైన్ స్పేసింగ్ మరీ బిగించకండి, వత్తులు కింది లైన్‌కి తగులుతాయి. ఇది అమాయకమైన రౌండ్ అనుకుంటాం కానీ, చార్ట్ దగ్గర నేను ఇక్కడా తప్పు చేశా. మొదటి మోడల్ 6.5 గంటలు, రెండోది 8. తేడా బాగా కనపడాలని బార్ చార్ట్ యాక్సిస్‌ని 5 నుంచి మొదలుపెట్టా. అప్పుడు మొదటి బార్ ఎత్తు 1.5, రెండోది 3. అంటే నాలుగో వంతు కూడా లేని తేడా, చూసేవాళ్లకి రెట్టింపులా కనపడింది. అంకె ఒక్కటీ మారలేదు, Compareలో చూసినా మాటలేవీ మారినట్టు ఉండదు. అందుకే చార్ట్ స్కేల్‌ని ఇప్పుడు డిజైన్‌లో కాకుండా మాటల రౌండ్‌లోనే కలిపి, పాత చార్ట్‌తో సహా చూపిస్తున్నా.

మూడు ఫైల్స్ అంటే టైమ్ ఎక్కువ పడుతుంది, కాదనను. మర్నాడు పొద్దున మీటింగ్ ఉండి రాత్రి పదింటికి పంపితే నేను డిజైన్ మాత్రమే చేసి, మిగతావి కామెంట్స్‌గా వదిలేస్తా.

మావాడు మళ్లీ ప్రజెంట్ చేయాల్సి వచ్చింది, ఈసారి జీపీఎస్ ఆన్ చేసి టెస్ట్ చేశాక. కొత్త అవుట్‌లైన్ అప్‌లోడ్ చేసి మెసేజ్ పెట్టాడు: "ఆర్డర్ చూడు, ఫాంట్ చూడు. బ్యాటరీ లైన్ జోలికి మాత్రం రాకు."