పార్కింగ్‌లో ఒక సాకెట్, ఒక మీటర్: కమిటీని ఇలా అడగండి

తెనాలిలో మా అపార్ట్‌మెంట్ కమిటీ ఈ-స్కూటర్ ఛార్జింగ్‌కి నో చెప్పేసింది. "మంటలొస్తే ఎవరు బాధ్యులు? కామన్ కరెంట్ మేమెందుకు కట్టాలి?" అన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ నో అన్నంత మాత్రాన స్కూటర్ ఎవరూ అమ్మేయరు కదా! బ్యాటరీ ఊడదీసి బెడ్రూమ్‌కి మోసుకెళ్తారు, లేదంటే బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీస్తారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో బ్యాటరీ పేలి ఒకరు చనిపోయింది బెడ్రూమ్‌లో ఛార్జింగ్ పెట్టినప్పుడే. భయం ఉంది కాబట్టే పార్కింగ్‌లో సరైన పాయింట్ కావాలి అన్నది నా వాదన.

నా ఛార్జర్ లాగేది 750 వాట్లు, అంటే మూడు ఆంప్స్ పైచిలుకు. గీజర్ ఇంతకు రెండున్నర రెట్లు లాగుతుంది. మరి సమస్య ఎక్కడ? ఛార్జర్ నాలుగు గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్ లూజ్‌గా ఉంటే పిన్ను దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. బాపట్ల, రేపల్లె లాంటి చోట్ల ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అరగంట ఛార్జ్ అయ్యాక ఆపేసి, ప్లగ్ తీసి పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ అంచు గోధుమరంగుకి తిరిగినా అది మార్చాల్సిందే.

అందుకే నేను అడిగింది ఇది: మీటర్ బోర్డు నుంచి నేరుగా నా పార్కింగ్ దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్త్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్, దానికి ప్రత్యేకంగా ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. ఈ చివరిది వద్దని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి. ఎంసీబీ ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి పడిపోతుంది గానీ, వానకి తడిసిన నేల మీద మనిషికి షాక్ కొడితే కాపాడేది ఆర్‌సీసీబీనే.

ఇక బిల్లు. చాలా చోట్ల "నెలకి 500 ఇవ్వు" అంటారు. అది ఎవరో ఒకరికి నష్టమే. లైన్ కామన్ మీటర్ నుంచి వస్తే మధ్యలో ఒక సబ్‌మీటర్ పెట్టండి. ఉదాహరణకి, రీడింగ్ 112 నుంచి 160కి వెళ్తే వాడింది 48 యూనిట్లు. ఆ నెల కామన్ బిల్లు 300 యూనిట్లకి 2,400 రూపాయలు వస్తే యూనిట్ 8 పడింది. అంటే నేను కట్టాల్సింది 384. ఫిక్స్‌డ్ ఛార్జీల్లో నా వాటా కూడా అందులోనే వచ్చేస్తుంది. మీ ఫ్లాట్ మీటర్ కింద బోర్డులోనే ఉంటే ఇంకా సింపుల్, లైన్ దాన్నుంచే తీయొచ్చు. కాకపోతే యూనిట్లు పెరిగి పై స్లాబ్‌లోకి వెళ్తారేమో లెక్క చూసుకోండి.

ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఈవీ ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం ముందే బయటికి తీస్తే గొడవ తప్ప పని జరగదు. వైరు, మీటర్, కూలీ ఖర్చు మొత్తం నాదే అని రాసిస్తున్నా. ఆదివారం మీటింగ్‌కి కొటేషన్‌తో పాటు, మా వాచ్‌మన్ గది దగ్గర కాలిపోయిన పాత సాకెట్ ఫొటో కూడా పట్టుకెళ్తా.