కౌలు కబుర్లు – 6: సంతకం ఎవరు పెట్టాలి?



పోయిన భాగం చదివి తెనాలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, కౌలుదారుల గురించి నీతి ఆయోగ్ రిపోర్టే ఇచ్చింది కదా. కౌలుని చట్టబద్ధం చేస్తే మనోళ్లకి లోన్లొస్తాయి, నష్టపరిహారం వస్తుందని అందులో ఉంది. మీరెందుకు దానికి అడ్డం మాట్లాడతారు?" మంచి ప్రశ్న. ఆ రిపోర్టు నేను మొత్తం చదివాను. అందుకే ఈ భాగం దాని మీదే.

ముందు రేపల్లె వైపు ఉండే మా బాబాయి లెక్క చెబుతాను. ఆయనకు సెంటు భూమి లేదు, రెండెకరాలు కౌలుకి చేస్తాడు. సార్వా వరికి ఎకరానికి 18 బస్తాలు కౌలు, బస్తా అంటే 75 కిలోలు. అంతా బాగుంటే 32 బస్తాలు పండుతుంది. కౌలు కొలిచాక మిగిలేది 14 బస్తాలు, అంటే పదిన్నర క్వింటాళ్లు. 2023లో మద్దతు ధర 2,183 రూపాయలు. ఆ ధరకే అమ్మినా చేతికొచ్చేది 23 వేల లోపే. దుక్కి, నాట్లు, ఎరువులు, కోత కలిపి ఆయన పెట్టింది 28 వేలు. మంచి ఏడాదిలోనే వరి మీద ఐదు వేలు పోయాయన్నమాట. ఆ లోటు వెనక వేసే మొక్కజొన్నతోనో మినుముతోనో పూడాలి. మరి చేయడం ఎందుకంటారా? కూలి దొరికే రోజులు ఏడాదిలో ఎన్నో లెక్కేసుకోండి.

ఆ ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాబాయి చేను నీళ్లలో పడుకుంది. ఎకరానికి 16 బస్తాలొచ్చాయి. ఆసామి దయ తలిచి నాలుగు బస్తాలు తగ్గించాడు. 14 కొలిచాక మిగిలింది రెండు. పరిహారం అడుగుదామంటే బాబాయి దగ్గర కౌలు కార్డు లేదు. కార్డుకి ఆసామి సంతకం కావాలి. ఆసామి పెట్టనన్నాడు. బాపట్లలో కలెక్టరుకిచ్చే అర్జీ నేనే రాశాను. దాంట్లో ఏమని రాయాలో తెలియక కూర్చుండిపోయాను. భూమి ఎవరిదో కాగితం మీద ఉంది. పంట ఎవరు పండించారో ఏ కాగితంలోనూ లేదు.

ఇప్పుడు రిపోర్టు దగ్గరికి వద్దాం. వ్యవసాయ ఆర్థికవేత్త తాజముల్ హక్ అధ్యక్షతన నీతి ఆయోగ్ వేసిన కమిటీ 2016లో ఇచ్చింది. ఒక నమూనా చట్టం కూడా జత చేసింది. దాని వాదన ఇలా సాగుతుంది. చాలా రాష్ట్రాల్లో చట్టాలు కౌలుని నిషేధించాయి, లేదా కట్టడి చేశాయి. భూమి పోతుందన్న భయంతో యజమాని కౌలుని దాస్తున్నాడు. కాబట్టి ఆ భయం తీసేయాలి. ఎన్నేళ్లు, ఎంత కౌలు అన్నది ఇద్దరూ మాట్లాడుకుని రాసుకోవాలి. గడువు అయిపోగానే భూమి తిరిగి యజమానికి పోతుంది. ఆ కాగితం చూపించి కౌలుదారు అప్పు, బీమా, పరిహారం తెచ్చుకుంటాడు.

ఇందులో నిజం ఉంది. కాగితం లేనివాడికి బ్యాంకు లేదు, పరిహారం లేదు. ఆ సంగతి ఢిల్లీ కమిటీ ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు. నేను అడ్డం మాట్లాడేది రోగం గురించి కాదు, మందు గురించి.

నిషేధం వల్లే కౌలు దాగుతుంటే, నిషేధం లేనిచోట అది బయట కనపడాలి కదా? మన కోస్తాలో కౌలు మీద నిషేధం లేదు. ఆ రిపోర్టే ఆంధ్రాని నిషేధం లేని రాష్ట్రాల్లో చేర్చింది. 1956 కౌలు చట్టం కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది, కౌలుకి గరిష్ఠ పరిమితి కూడా పెట్టింది. అయినా డెల్టాలో కౌలంతా నోటి మాట మీదే నడుస్తోంది.

దీనికి మన పక్కనే సాక్ష్యం ఉంది. కొల్లూరు మండలం అనంతవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గారు 1974లో సర్వే చేయించారు. అది 1977లో సోషల్ సైంటిస్ట్ పత్రికలో వచ్చింది. అదే ఊళ్లో 2005–06లో వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ మళ్లీ ఇంటింటికీ తిరిగారు. అప్పటికి సాగు భూమిలో సగానికి పైగా కౌలు భూమే. రాతకోతల్లేవు. కౌలు కొలిచాక పేద కౌలుదారుకి మిగిలేది నామమాత్రం. ఇది ఒక్క ఊరి సంగతి, ఇరవై ఏళ్ల నాటిది. పైగా పుస్తకంగా వచ్చింది, పత్రికా వ్యాసం కాదు. ఆ పరిమితులు నేనే చెబుతున్నాను. కానీ ఇంటి లోపలికెళ్లి "ఎవరి భూమి చేస్తున్నావు, ఎంత కొలుస్తున్నావు" అని అడిగిన లెక్క అది. వ్యవసాయ గణాంకాలు మన దగ్గర అడంగల్ చూసి తయారవుతాయి. అడంగల్‌లో లేని కౌలుదారు ఆ గణాంకాల్లోనూ ఉండడు. ఏ అంకె చూసినా ముందు ఇది అడగండి: మనిషిని అడిగి రాశారా, కాగితం చూసి రాశారా?

ఇక మందు సంగతి. కౌలుదారుకి హక్కు ఇస్తే ఏమవుతుందో 1978లో మొదలైన బెంగాల్ ఆపరేషన్ బర్గాలో చూడొచ్చు. అధికారులు సాయంత్రం పూట ఊరికొచ్చి, కౌలుదారులందరినీ ఒకచోట కూర్చోబెట్టి పేర్లు రాసుకున్నారు. యజమాని సంతకం కోసం ఆగలేదు. పేరు నమోదైనవాడు పంటలో నాలుగో వంతు యజమానికి ఇచ్చినంత కాలం అతన్ని పొలం నుంచి లేపడానికి లేదు. అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీష్ ఘటక్ 2002లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో దీనిమీద రాశారు. తోటి పరిశోధకులు తప్పులు వెతికి, సరేనన్నాకే అచ్చయ్యే పత్రిక అది. ఆ తర్వాత బెంగాల్లో వ్యవసాయ ఉత్పాదకత పెరిగిన దాంట్లో 28 శాతం దాకా ఈ సంస్కరణ వల్లేనని వారి లెక్క. 2011లో బర్ధన్, ముఖర్జీ పొలం పొలం లెక్కలు తీసి ప్రభావం ఉందిగానీ అంత లేదన్నారు. విత్తనాల కిట్లు అంతకన్నా ఎక్కువ పనిచేశాయన్నారు.

రెంటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది. ఆ మేలు కాగితం వల్ల మాత్రమే రాలేదు. లేపలేరన్న ధీమా, కౌలుకి ఒక హద్దు కూడా ఉన్నాయి కాబట్టి వచ్చింది. నమూనా చట్టం కాగితం ఉంచి, ఆ రెండూ తీసేసింది.

నా వాదనలో ఒక బలహీనత ఉంది, దాచను. బెంగాల్‌ది పాలు. ఎక్కువ పండిస్తే అందులో వాటా యజమానికి పోతుంది కాబట్టి, ఆ వాటా తగ్గిస్తే రైతు ఉత్సాహంగా పండిస్తాడు. మనది బస్తాల కౌలు. 33వ బస్తా పండితే ఇవాళ కూడా అది బాబాయిదే. కాబట్టి దిగుబడి అంతగా పెరగకపోవచ్చు. కానీ 18 బస్తాలు 10 అయితే? ఎనిమిది బస్తాలు, ఆనాటి ధరకి సుమారు 13 వేలు. ఐదు వేల నష్టం ఎనిమిది వేల లాభమవుతుంది. దిగుబడి ఒక్క గింజ పెరగకుండా.

"ఇద్దరూ మాట్లాడుకుని" అన్న మాట దగ్గర నాకు చుండూరు గుర్తొస్తుంది. తెనాలి పక్కనే. 1991 ఆగస్టు 6కి ముందు ఆ ఊళ్లో మన వాళ్లని సాంఘికంగా వెలివేశారు. పని లేదు, పొలం లేదు. అలాంటి చోట భూమి ఉన్నవాడూ లేనివాడూ బల్లకి అటూ ఇటూ కూర్చుని గడువు మాట్లాడుకుంటారని రిపోర్టు రాసినవాళ్లు అనుకుని ఉంటారు.

మన రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని అంగీకారం. బాబాయి కార్డు ఆగింది సరిగ్గా అక్కడే.

తమ్ముడూ, నువ్వడిగినదానికి ఇదీ నా జవాబు. మీ ఊళ్లో కార్డు కోసం అడిగి, ఆసామి సంతకం లేదని వెనక్కొచ్చినవాళ్లు ఎందరో, కౌలు ఎన్ని బస్తాలో కామెంట్లలో రాయండి. పేర్లు వద్దు, మండలం రాస్తే చాలు. బాపట్లలో ఈసారి ఇచ్చే అర్జీకి ఆ లెక్క జత చేస్తాను.