జుమ్మక్క, మిస్టర్ బీల్జీ

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న మా అమ్మాయి పోయిన వారం నాలుగు జిరాక్సు కాగితాలు నా ముందు పడేసి, "అమ్మా, ఇది చదువు, నీకే" అంది. "నీకే" అన్నప్పుడు అది నవ్విన తీరు చూసి ఏదో ఉందనుకున్నాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోయే కథే. చదివాక మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కథ పేరు "దస్ ఐ రెఫ్యూట్ బీల్జీ". రాసింది జాన్ కాలియర్ అనే ఇంగ్లండు రచయిత, 1940లో వచ్చింది. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడడం నా వల్ల కాదు కాబట్టి, ముందు కథే చదువుకుంటామనేవాళ్ళు ఇక్కడ ఆగి తర్వాత రండి.

కథ మొత్తం ఒక సాయంత్రం టీ వేళ జరిగిపోతుంది. మిసెస్ కార్టర్ ఇంటికి బెట్టీ అనే స్నేహితురాలు వచ్చి ఉంటుంది. వాళ్ళు కిటికీలోంచి చూస్తుంటే పెరటి చివర, చెట్ల కొమ్మల చాటున, శిథిలమైపోతున్న చిన్న తోట గది దగ్గర పిల్లాడు సైమన్ చేతులూపుకుంటూ, ఏదో మాట్లాడుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటాడు. వాడితో ఉన్నది మిస్టర్ బీల్జీ. ఆయన వాడికి తప్ప ఎవరికీ కనపడడు. తండ్రి పళ్ళ డాక్టరు, ఆ రోజు మామూలు కంటే ముందే ఇల్లు చేరతాడు. ఆయన ఆధునికుడు. కొడుకు తనని నాన్నా అనకూడదు, "బిగ్ సైమన్" అనాలి, ఇద్దరూ స్నేహితుల్లా ఉండాలి. కొట్టే తండ్రుల కాలం పోయిందని, తనలాంటివాడు దొరకడం వాడి అదృష్టమని గుర్తు చేస్తూ ఉంటాడు. చూడబోతే మంచివాడే. నాకు మాత్రం ఆయన మొదటి నుంచీ నచ్చలేదు. స్నేహితుడిగా ఉండమని హుకుం జారీ చేసే స్నేహితుడు ఎక్కడైనా ఉంటాడా?

ఆయన విచారణ మొదలుపెడతాడు. మధ్యాహ్నమంతా ఏం చేశావు? ఎవరతను? నిజంగా ఉన్నాడా, నువ్వు కల్పించావా? పిల్లాడి జవాబులు పొడిపొడిగా వస్తాయి. లేడని ఒప్పుకో అంటాడు తండ్రి. వాడు ఒప్పుకోడు. కొట్టనని అంత గొప్పగా చెప్పుకున్న మనిషి చివరికి దెబ్బల దగ్గరికే వస్తాడు, వాణ్ణి పైకి గదిలోకి పొమ్మంటాడు. అప్పుడు వాడు అంటాడు, నన్ను ఎవరూ ఏమీ చెయ్యకుండా మిస్టర్ బీల్జీ చూసుకుంటానన్నాడని, రెక్కలున్న సింహంలా వచ్చి వాళ్ళని తినేస్తానన్నాడని. తండ్రి టీ తాగి తాపీగా మెట్లెక్కుతాడు. తర్వాత ఆడవాళ్ళిద్దరికీ కేక వినబడుతుంది. పరుగెత్తి చూస్తే మెట్ల మీద మిగిలింది ఒక బూటు, అందులో ఆయన పాదం.

మా అమ్మాయి ఆ కథ పేరు వెనక ఉన్న సంగతి కూడా చెప్పింది. మనం చూసే ప్రపంచమంతా మనసులోనే ఉందని బర్క్లీ అనే తత్త్వవేత్త అన్నాడట. 1763లో శామ్యూల్ జాన్సన్ పండితుడు ఒక పెద్ద రాయిని కాలితో తన్ని, ఇదిగో, ఇలా ఖండిస్తున్నాను ఆ మాటని అన్నాడట. రాయి నిజమని తన్నిన కాలే చెబుతుందన్నమాట. కాలియర్ సరిగ్గా ఆ కాలినే మిగిల్చాడు. ఇక బీల్జీ అంటే బీల్జిబబ్, సైతాను పేరు. కాబట్టి అది దెయ్యమేనని కొందరు, పిల్లాడి ఊహేనని కొందరు వాదించుకోవచ్చు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. నన్ను పట్టుకున్నది వేరు. ఆ సింహం ఎప్పుడు పుట్టింది?

పెరట్లో ఉన్నంతసేపూ మిస్టర్ బీల్జీకి కోరలున్నట్టు మనకి కనపడదు. ఒంటరి పిల్లాడికి మధ్యాహ్నం గడిపేందుకు ఒక తోడు, అంతే. టీ బల్ల దగ్గర నిలదీసి, లేడని ఒప్పుకోమని, ఒప్పుకోకపోతే దెబ్బలన్నాకే ఆయనకి రెక్కలొచ్చాయి, ఆకలేసింది. పిల్లల ఊహ పెరగడమంటే ఊరికే రంగురంగులుగా విప్పారడం అనుకుంటాం. అవసరాన్ని బట్టి కూడా పెరుగుతుందని ఈ కథ చెప్పకుండా చెప్పింది. ఏమీ తోచనప్పుడు తోడుగా ఉన్నవాడే, భయమేసినప్పుడు కాపలాగా మారాడు. ఆ మార్పుకి కావలసిన సరుకంతా అందించింది తండ్రే.

ఇది నాకు తెలుసు. ఎందుకంటే మా ఇంట్లో జుమ్మక్క ఉండేది.

అప్పుడు మేము విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అమ్మాయికి అయిదేళ్ళు, ఒక్కతే పిల్ల. ఆ అంతస్తులో ఇంకో పిల్ల లేదు. జుమ్మక్క ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక ఉండేది, పొడుగు జడ, చెవులకి బుట్టలు. నాకు మొదట ముచ్చటగానే ఉండేది. ఒకరోజు తులసి కుండీలో పాలు కనపడ్డాయి. ఎవరు పోశారంటే "జుమ్మక్క" అంది.

నేను అచ్చం ఆ పళ్ళ డాక్టరులాగే మొదలుపెట్టాను. జుమ్మక్క ఎక్కడుంది, చూపించు. "వెళ్ళిపోయింది." తలుపు వేసుంటే ఎలా వెళ్ళింది? "గోడలోంచి." గోడలోంచి ఎవరైనా వెళ్తారా? "జుమ్మక్క వెళ్తుంది." అబద్ధాలాడితే జుమ్మక్కని ఇంట్లోకి రానివ్వను. "వాళ్ళ మావయ్య పోలీసు, నిన్ను పట్టుకెళ్తాడు." అయిదు నిమిషాల క్రితం జుమ్మక్కకి మావయ్యే లేడు! నేను ఒక్కో ప్రశ్న వేస్తుంటే అది ఒక్కో గోడ కట్టుకుంటూ పోయింది. నాకు ఒళ్ళు మండి వీపు మీద ఒకటి వేశాను.

అది కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నాకేదో తెలియని విషయం తెలియజెప్పే గొంతుతో అంది. "అమ్మా, జుమ్మక్క ఉత్తుత్తిదే కదా. నీకు తెలీదా?"

అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇలాంటి పిల్లలతో మాట్లాడారు, 1999లో పుస్తకం కూడా రాశారు. ఊహాస్నేహితుల గురించి ఆవిడ సీరియస్‌గా ప్రశ్నలు వేస్తుంటే, ఇదంతా ఉత్తిదేనని పిల్లలే ఆవిడకి గుర్తు చేసేవారట. అది చదివినప్పుడు నాకు ఆ తులసి కుండీ కళ్ళ ముందుకొచ్చింది. ఆవిడ, తోటివారు కలిసి చేసిన పరిశీలనలో ఏడేళ్ళలోపు పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఏదో ఒక దశలో ఇలాంటి తోడు ఉందని తేలింది. ప్రాణమున్నట్టు మాట్లాడించే బొమ్మలూ ఆ లెక్కలోవే. అంటే ఒంటరి పిల్లలకే ఇది వస్తుందనుకోవడం సరికాదు, కాకపోతే ఒక్కరే పిల్లలున్న ఇళ్ళలో కాస్త ఎక్కువ. ఇంకో ముచ్చటైన సంగతి, ఈ స్నేహితులు చాలాసార్లు పిల్లల మాట వినరట! రమ్మంటే రారు, పోట్లాడతారు. తను సృష్టించిన మనిషికి తనకి లేని ఇష్టాయిష్టాలు ఇచ్చి, వాటితో తంటాలు పడడం చిన్న పనేమీ కాదు. ఇంకొకరి మనసులో ఏముందో ఊహించడం అక్కడే అలవాటవుతుందని నా నమ్మకం.

ఆ సాయంత్రం మా అత్తయ్యగారు, ఏడుపు మొహంతో ఉన్న మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నిజమా అబద్ధమా అన్న ఊసే ఎత్తలేదు. "జుమ్మక్కకి పాలంటే ఇష్టం లేదుటే?" అన్నారు. "పాలిష్టమే. మీగడ నోట్లోకొస్తే వాంతొస్తుంది దానికి." నేను వారం రోజుల నుంచి మీగడ బలం అని గ్లాసులో కలిపేస్తున్నాను. పిల్ల నాకు రెండుసార్లు చెప్పిందిట కూడా, నేనే వినిపించుకోలేదు. మర్నాటి నుంచి పాలు వడగట్టి ఇచ్చాను. కుండీలో పోయడం ఆగిపోయింది.

దాంతో నాకు జ్ఞానోదయం అయిందనుకుని అతి చేశాను. ఆదివారం భోజనాలకి జుమ్మక్కకి కూడా కంచం పెట్టి, "జుమ్మక్కా, ఇంకో పూరీ వేసుకో" అంటూ నేనే కబుర్లు మొదలుపెట్టాను. అమ్మాయి మొహం చిట్లించి, "జుమ్మక్క ఊరెళ్ళింది" అంది. రెండు రోజుల దాకా తిరిగి రాలేదు. ఆ మనిషి దానిది. నేను పిలవడానికి వీల్లేదు.

మరి ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదా అంటారేమో. కథ మొదటి పేజీకి వెళ్ళండి. పిల్లాడు వేరే పిల్లలతో ఆడడం మానేశాడని, ఎవరైనా దగ్గరికెళ్తే విపరీతమైన కోపమని, అలిసిపోయి తెల్లగా పాలిపోయి వస్తాడని తల్లి స్వయంగా బెట్టీతో చెబుతుంది. చూడవలసినవి అవి. ఇదివరకు ఆడుకునే పిల్లలతో మానేయడం, వాడిపోవడం, ఆట మధ్యలో ఆపలేకపోవడం, ఆ స్నేహితుణ్ణి చూసి పిల్లలే భయపడడం. ఇలాంటివుంటే డాక్టరుతో మాట్లాడాల్సిందే. ఆ తల్లి అన్నీ గమనించింది. కానీ తండ్రి సిద్ధాంతం ప్రకారం పిల్లాడు ఏం కావాలో వాడే ఎంచుకోవాలి కాబట్టి ఊరుకుంది. తండ్రి ఇవేవీ అడగలేదు. బీల్జీ ఉన్నాడా లేడా, అదొక్కటే ఆయన పట్టుదల. కథలో నాకు ఎక్కువ కోపం తెప్పించింది నిజానికి ఆ తల్లే. బహుశా ఆవిడలో నన్ను నేను చూసుకున్నానేమో.

జుమ్మక్క మా దగ్గర ఒక ఏడాదిన్నర ఉంది. పక్క ఫ్లాట్‌లోకి ఇద్దరు పిల్లలున్నవాళ్ళు దిగాక రాకపోకలు తగ్గాయి. ఎప్పుడు పూర్తిగా వెళ్ళిపోయిందో నేను గమనించలేదు, వీడ్కోలు లాంటిదేమీ జరగలేదు.

కాగితాలు తిరిగి ఇస్తూ అమ్మాయిని అడిగాను, జుమ్మక్క గుర్తుందా అని. "బుట్టలు గుర్తున్నాయి. ఎర్ర రాళ్ళవి" అంది. మరి నేను కొట్టింది?

"అదీ గుర్తుంది. ఆ రోజు రాత్రి జుమ్మక్క పోలీసు మావయ్యని తీసుకొచ్చింది. నేనే వద్దని పంపించేశాను."

పప్పు ఆ రోజు అడుగంటింది.